బస్సులో పోయిన ఆఫీసు ల్యాప్‌టాప్: ఫిర్యాదులో సీరియల్, చివరి లొకేషన్, తీసుకున్న చర్యలు ఎలా రాయాలి

ప్రశ్న: ఆదివారం రాత్రి ఒంగోలు నుంచి నెల్లూరుకి ఆర్టీసీ బస్సులో వచ్చాను. బస్సెక్కే ముందు ఒంగోలు బస్టాండ్‌లో ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని ఒక మెయిల్ పంపి, మూత వేసి బ్యాగులో పెట్టాను. కావలి దాటాక నిద్ర పట్టింది. నెల్లూరులో దిగి చూస్తే బ్యాగు ఉంది, ఛార్జర్ ఉంది, ల్యాప్‌టాప్ లేదు. కంపెనీ డెల్ ల్యాప్‌టాప్. ఐటీ వాళ్లు పంపిన షీట్‌లో చివరి లాగిన్ 14:02, హైదరాబాద్ అని ఉంది. నేను ఆ రోజు హైదరాబాద్‌లోనే లేను! స్టేషన్‌కి వెళితే ఒంగోలులో ఇవ్వమన్నారు. ఆఫీసు వాళ్లేమో సీరియల్ నంబర్, లాస్ట్ నోన్ లొకేషన్, ఇప్పటిదాకా ఏం చేశారో రాసి రేపటికల్లా రిపోర్ట్ ఇమ్మంటున్నారు. ఏం రాయాలి?

సమాధానం:

ముందు ఆ హైదరాబాద్ సంగతి తేల్చుకోండి. అది తేలకుండా ఏం రాసినా తప్పే అవుతుంది. ఆ వరసలో ఉన్నది దొంగ కాదు, చాలావరకు మీరే.

షీట్‌లో ఆ కాలమ్ పేరేమిటో చూడండి. ఆఫీసు అకౌంట్ల లాగిన్లు నమోదయ్యే మైక్రోసాఫ్ట్ ఎంట్రా నుంచి దించుకున్న సైన్ ఇన్ లాగ్ అయితే `Date (UTC)` అని ఉంటుంది. అది ప్రపంచ ప్రామాణిక సమయం, మన టైమ్ కాదు. దానికి అయిదున్నర గంటలు కలపాలి. 14:02కి కలిపితే రాత్రి 7:32, అంటే మీరు ఒంగోలు బస్టాండ్‌లో కూర్చుని మెయిల్ పంపిన వేళ. అదే లాగ్‌ని పోర్టల్ తెరమీద చూస్తే మన టైమ్‌లోనే కనిపిస్తుంది, ఫైల్‌గా దించుకుంటే యూటీసీలో వస్తుంది. ఐటీ వాళ్లు ఒకరు తెరమీద చూసి, ఇంకొకరు ఫైల్ చూసి మాట్లాడుకుంటే రెండు టైములు పుట్టుకొస్తాయి.

ఇక ఊరు. ఆ షీట్‌లో కనిపించే ఊరు జీపీఎస్ చెప్పింది కాదు, ఐపీ అడ్రస్‌ని బట్టి వేసిన అంచనా. మొబైల్ కంపెనీలు మన డేటాని తమ పెద్ద కేంద్రాల గుండా బయటికి పంపుతాయి కాబట్టి ఒంగోలులో హాట్‌స్పాట్ పెట్టినా హైదరాబాద్ అనో, చెన్నై అనో, విజయవాడ అనో చూపించడం మామూలే. నిర్ధారించుకోవడానికి తేలికైన దారి ఒకటుంది. గత నెలలో మీరు ఇదే ఫోన్ హాట్‌స్పాట్‌తో పనిచేసిన ఇంకో రోజు వరసలు తీయమనండి. వాటిలోనూ అదే నెట్‌వర్క్ పేరు, అదే హైదరాబాద్ ఉంటే సందేహం తీరినట్టే.

ఇది ఎందుకింత పట్టించుకోవాలంటే, ఆఫీసు రిపోర్ట్‌లో ఎవరో ఆ షీట్ చూసి "చివరగా మధ్యాహ్నం 2:02కి హైదరాబాద్‌లో వాడారు" అని రాసేస్తారు. మీ పోలీసు ఫిర్యాదులో "రాత్రి 7:32కి ఒంగోలులో వాడాను" అని ఉంటుంది. రెండు నెలల తర్వాత ఇన్సూరెన్స్ సర్వేయర్ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, పోయింది బస్సులోనేనా అని అడుగుతాడు. అప్పుడు సర్దిచెప్పడం కంటే ఇప్పుడు ఆ ఒక్క వరస సరిచేయించడం నయం.

చివరి లొకేషన్ అంటే ఒకటి కాదు

రిపోర్ట్‌లో "లాస్ట్ నోన్ లొకేషన్" అన్న గడిలో ఒకే ఊరు పేరు రాయకండి. మూడు వేర్వేరు సంగతులు విడివిడిగా రాయండి: మీరు కళ్లతో చివరిసారి చూసినది, లేదని గమనించినది, మెషిన్ చివరిసారి ఇంటర్నెట్‌కి తగిలినది.

మొదటి రెండూ మీరు చెప్పాల్సినవి. ఒంగోలు బస్టాండ్‌లో 7:40 ప్రాంతంలో బ్యాగులో పెట్టారు, నెల్లూరు బస్టాండ్‌లో 10:20కి లేదని చూశారు అనుకుందాం. అలాగే రాయాలి. "కావలిలో ఎవరో తీశారు" అని రాయొద్దు. కావలి దాటాక మీకు నిద్ర పట్టింది, అంతవరకే మీకు తెలుసు. దొంగతనం జరిగిన చోటు మీరు చూడలేదు కాబట్టి ఈ రెండు టైముల మధ్య, ఈ దారిలో అన్నదే నిజం. సింగరాయకొండ, కావలి లాంటి చోట్ల బస్సు ఆగితే ఆ ఆగిన చోట్లు, మీరు కిందికి దిగిన చోటు ఉంటే అది, ఎంతసేపు దిగారో రాయండి. దిగకపోతే దిగలేదనే రాయండి. మీరు ఊహించిన చోటు రాస్తే పోలీసులు ఆ ఒక్క చోటి కెమెరాలే చూసి ఊరుకుంటారు.

మూడోది ఐటీ వాళ్లు చెప్పాలి, ఇక్కడే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. ఎంట్రాలో డివైస్ పేజీలో `Activity` అని ఒక తేదీ కనిపిస్తుంది. దాన్ని చివరి వాడకం అనుకుని రిపోర్ట్‌లో రాసేవాళ్లు చాలామంది. ఆ తేదీ ప్రతి లాగిన్‌కీ మారదు. పాత తేదీకీ కొత్త వాడకానికీ దాదాపు రెండు వారాల తేడా వస్తేనే మారుతుంది. నిన్న వాడిన మెషిన్‌కి కూడా పది రోజుల కిందటి తేదీ ఉండొచ్చు. కావాల్సింది ఆఫీసు మెషిన్లని దూరం నుంచి నిర్వహించే ఇన్‌ట్యూన్‌లోని `Last check-in`, దానితోపాటు సైన్ ఇన్ లాగ్. లాగ్‌లో ఉద్యోగుల లాగిన్లకి రెండు భాగాలుంటాయి. పాస్‌వర్డ్ కొట్టి లాగిన్ అయినవి ఒకచోట, అవుట్‌లుక్, టీమ్స్ లాంటివి వెనకాల వాటంతటవే చేసుకునేవి `non-interactive` అనే చోట. మూత తీయగానే మెషిన్ చేసేవి ఎక్కువగా రెండో చోటే పడతాయి. మొదటిది మాత్రమే చూసి "దొంగతనం తర్వాత ఏమీ జరగలేదు" అని రాయకూడదు.

ఐటీ వాళ్లకి ఈ రెండు వరసలు ఇస్తే సీరియల్‌తో సహా అన్నీ ఒకేసారి వస్తాయి. డివైస్ పేరు మాత్రం మీది పెట్టుకోవాలి.

```
Get-MgDeviceManagementManagedDevice -Filter "deviceName eq 'NLR-LT-0147'" |
  Select-Object DeviceName, SerialNumber, Model, LastSyncDateTime, IsEncrypted
```

ఇందులో వచ్చే `LastSyncDateTime` కూడా యూటీసీనే. అయిదున్నర గంటలు కలిపాకే రిపోర్ట్‌లోకి ఎక్కించండి, పక్కన "భారత కాలమానం" అని రాయండి.

7:40 తర్వాత ఈ డివైస్ నుంచి ఒక్క వరసైనా కనిపిస్తే అది చాలా విలువైనది. ఐపీ అడ్రస్, గంటలు నిమిషాలే కాక సెకన్లతో సహా టైమ్, డివైస్ ఐడీ ఉన్నదున్నట్టు పోలీసులకివ్వండి. మొబైల్ నెట్‌వర్క్‌లో ఒకే ఐపీని ఒకే సమయంలో ఎంతోమంది వాడుతుంటారు. అందుకే "రాత్రి 11 ప్రాంతంలో ఈ ఐపీ" అంటే టెలికాం కంపెనీ మనిషిని తేల్చలేదు. సెకన్లు కావాలి, వీలైతే సోర్స్ పోర్ట్ నంబర్ కూడా కావాలి. సైన్ ఇన్ లాగ్‌లో పోర్ట్ కనబడకపోతే ఆఫీసు వీపీఎన్ లేదా ఫైర్‌వాల్ లాగ్‌లో వెతకమనండి. ఆ ఐపీ ఎవరిదో టెలికాం కంపెనీని అడగాల్సింది పోలీసులే. మీరు అడిగినా చెప్పరు. ఇంకో సంగతి, ఎంట్రా సైన్ ఇన్ లాగ్ ప్రీమియం లైసెన్స్ ఉంటే 30 రోజులు, ఉచిత దానిలో 7 రోజులే ఉంటుంది. చిన్న కంపెనీ అయితే వచ్చే ఆదివారానికి ఆ వరస మాయమైపోతుంది. ఈరోజే దించి పెట్టించండి.

కొందరు మ్యాక్ అడ్రస్ ఇచ్చి ట్రేస్ చేయమంటారు. అది వైఫై రూటర్ దాటి బయటికి పోదు కాబట్టి దానితో వెతకడం కుదరదు. గుర్తింపు వివరాల్లో రాస్తే రాయండి, దానిమీద ఆశ పెట్టుకోవద్దు. పోయిన ఫోన్లని బ్లాక్ చేసే సీఈఐఆర్ పోర్టల్ కూడా ఐఎంఈఐ ఉన్న ఫోన్లకే. మీ ల్యాప్‌టాప్‌లో సిమ్ వేసుకునే మోడెమ్ ఉంటే తప్ప దానికి ఐఎంఈఐ ఉండదు.

సీరియల్ నంబర్ ఎక్కడినుంచి తెచ్చుకోవాలి

మెషిన్ చేతిలో లేదు కాబట్టి కింది స్టిక్కర్ చూడలేరు. బ్యాగులో మిగిలిన ఛార్జర్ మీద ఎస్/ఎన్ అని ఒక నంబర్ కనిపిస్తుంది. అది ఛార్జర్‌దే, ల్యాప్‌టాప్‌ది కాదు. కంగారులో అది చూసి రాసేసి ఎఫ్ఐఆర్‌లోకి ఎక్కించుకున్నవాళ్లు ఉన్నారు.

మీది డెల్ అన్నారు కాబట్టి మీకు కావాల్సింది సర్వీస్ ట్యాగ్, ఏడు అక్షరాలూ అంకెలూ కలిసినది. హెచ్‌పీ అయితే సీరియల్ వేరు, ప్రొడక్ట్ నంబర్ వేరు. లెనోవోకి ఎస్/ఎన్‌తోపాటు ఎమ్‌టీఎమ్ అని మోడల్ కోడ్ ఉంటుంది. ఆఫీసు అంటించిన ఆస్తి ట్యాగ్, నెట్‌వర్క్‌లో కనిపించే డివైస్ పేరు, ఈ సీరియల్ మూడూ వేర్వేరు. ఆస్తి ట్యాగ్ స్టిక్కర్‌ని గోటితో గీకితే పోతుంది. సీరియల్ మాత్రం బయోస్‌లో కూడా ఉంటుంది కాబట్టి స్టిక్కర్ పీకేసినా మిగులుతుంది. దొరికిన ల్యాప్‌టాప్ మీదేనని చెప్పగలిగేది దీనితోనే.

ఇన్‌ట్యూన్‌లో వచ్చిన సీరియల్, కంపెనీ కొనుగోలు ఇన్‌వాయిస్, మీకు ల్యాప్‌టాప్ ఇచ్చినప్పుడు సంతకం చేయించుకున్న కాగితం, ఈ మూడింట్లో ఒకే నంబర్ ఉందో లేదో చూడండి. తేడా వస్తే మదర్‌బోర్డ్ ఎప్పుడైనా మార్చారేమో అడగండి. బోర్డ్ మార్చినప్పుడు సర్వీస్ ఇంజినీర్ పాత నంబర్‌ని బయోస్‌లో మళ్లీ ఎక్కించకపోతే కింది స్టిక్కర్ ఒకటి, లోపలి నంబర్ ఇంకొకటి అవుతాయి. అలాంటప్పుడు రెండూ రాసి, ఏది ఎక్కడిదో చెప్పాలి. సున్నా, ఓ అక్షరం, ఎనిమిది, బి అక్షరం కలగాపులగం అవుతాయి కాబట్టి చేతితో రాయకుండా టైప్ చేసి ప్రింట్ ఇవ్వండి. స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ ప్రతి చేతికి ఇచ్చాక అక్కడే నిలబడి ఆ ఏడు అక్షరాలూ ఒక్కొక్కటిగా పోల్చుకోండి. ఇంటికెళ్లాక తప్పు కనిపిస్తే దాన్ని సరిచేయించడానికి మళ్లీ అర్జీ పెట్టుకోవాలి.

మూత మీద గీత, ఊడిన రబ్బరు కాలు, మీరు అంటించిన స్టిక్కర్ లాంటి ఆనవాళ్లు రెండు రాయండి. పాత సామాన్ల షాపులో వెతికే కానిస్టేబుల్‌కి సీరియల్ కంటే ముందు ఇవే కనిపిస్తాయి.

ఏ స్టేషన్, ఏం చెప్పాలి

ఒంగోలుకి వెళ్లక్కర్లేదు. ప్రయాణంలో జరిగిన నేరాన్ని ఆ ప్రయాణం సాగిన ఏ పరిధిలోనైనా విచారించవచ్చని నేర విచారణ పద్ధతి చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 203 చెబుతుంది. దానికితోడు 173(1) ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం తీసుకోవాలి, దీన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటాం. నెల్లూరు బస్టాండ్ ఏ స్టేషన్ కిందికి వస్తుందో అక్కడే ఇవ్వండి. అక్కడే లేదని చూశారు, బస్సు అక్కడిదాకా వచ్చింది, అది చాలు. "తీసుకోం" అంటే గొడవ పడకుండా, నా ఫిర్యాదు జీరో ఎఫ్ఐఆర్‌గా కట్టి మీకు సరైనది అనిపించిన స్టేషన్‌కి పంపండి అని రాతపూర్వకంగా అడగండి. అప్పటికీ కాకపోతే అదే ఫిర్యాదుని జిల్లా ఎస్పీకి పోస్ట్‌లో పంపే హక్కు 173(4) ఇస్తుంది. సోమవారం ఎస్పీ ఆఫీసులో అర్జీలు తీసుకునే కార్యక్రమంలో నేరుగా కూడా ఇవ్వొచ్చు.

జాగ్రత్త పడాల్సింది ఇంకొకటి. "పోయింది" అని రాయించుకుని జనరల్ డైరీ ఎంట్రీ చేసి ఒక రసీదు ఇచ్చి పంపడం తరచుగా జరుగుతుంది. ఆ రసీదు పోగొట్టుకున్న వస్తువుకి, దొంగతనానికి కాదు. ఇన్సూరెన్స్‌కి పనికిరాదు, దర్యాప్తు కూడా మొదలవదు. మీ ఫిర్యాదులో "కనిపించడం లేదు" అన్న మాటకి బదులు "ప్రయాణికుల బస్సులో ఉన్న నా బ్యాగులో నుంచి దొంగిలించారు" అని సూటిగా ఉండాలి. ప్రయాణికుల వాహనంలో నుంచి వస్తువు దొంగిలిస్తే నేరాలకి శిక్షలు చెప్పే చట్టం బీఎన్ఎస్‌లోని సెక్షన్ 305 వస్తుంది, ఏడేళ్ల దాకా శిక్ష. మామూలు దొంగతనం 303(2) అయితే మూడేళ్ల దాకా. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష ఉన్నవాటిలో 14 రోజుల ప్రాథమిక విచారణకి చట్టంలో వీలుంది, 305కి ఆ వీలు లేదు. సెక్షన్ల గురించి మీరు వాదించక్కర్లేదు. బస్సులోంచి అన్న సంగతి ఫిర్యాదులో స్పష్టంగా ఉంటే సెక్షన్ దానంతట అదే వస్తుంది.

ల్యాప్‌టాప్ కంపెనీది, నేనెలా ఫిర్యాదు చేయాలి అన్న సందేహం వద్దు. దొంగతనం అంటే ఎవరి స్వాధీనంలో ఉన్నది వాళ్ల దగ్గరి నుంచి తీయడం, అది మీ స్వాధీనంలో ఉంది. కంపెనీ లెటర్‌హెడ్ మీద "ఈ సీరియల్ గల మెషిన్ మాది, పని కోసం ఈ ఉద్యోగికి ఇచ్చాం" అని ఒక పేజీ లేఖ జత చేయండి. ఇప్పుడు లేకపోయినా ఫిర్యాదు ఆగదు, మర్నాడు ఇవ్వొచ్చు.

ఫిర్యాదు ఇలా ఉంటే చాలు. నంబర్లన్నీ నమూనాకి వేసినవి.

> స్టేషన్ హౌస్ ఆఫీసర్ గారికి,
>
> అయ్యా, నేను ఒక ప్రైవేటు కంపెనీలో ఉద్యోగిని. ఆదివారం, తేదీ ........ రాత్రి ఒంగోలు ఆర్టీసీ బస్టాండ్‌లో బస్సు నంబర్ ........, టికెట్ నంబర్ ........, సీటు ........లో నెల్లూరుకి బయల్దేరాను. సుమారు 7:40కి కంపెనీ ల్యాప్‌టాప్‌ని నా నల్ల బ్యాగులో పెట్టి, బ్యాగుని నా సీటు పైన ర్యాకులో ఉంచాను. అది నేను ఆఖరుగా చూసిన సమయం. కావలి దాటిన తర్వాత నిద్రపోయాను. దారిలో బస్సు దిగలేదు. సుమారు 10:20కి నెల్లూరు బస్టాండ్‌లో దిగి బ్యాగు తెరవగా ల్యాప్‌టాప్ లేదు, ఛార్జర్ ఉంది. ఈ మధ్యలో గుర్తు తెలియని వ్యక్తులు నా బ్యాగులోంచి దొంగిలించారు. ఎవరి మీదా నాకు ప్రత్యేకంగా అనుమానం లేదు.
>
> వస్తువు: డెల్ లాటిట్యూడ్ 5440 ల్యాప్‌టాప్, బూడిద రంగు. సర్వీస్ ట్యాగ్ `4ABCD53` (నాలుగు, ఎ, బి, సి, డి, అయిదు, మూడు). కంపెనీ ఆస్తి ట్యాగ్ `NLR-LT-0147`. ఇన్‌వాయిస్ తేదీ ........, విలువ రూ. ......... ఆనవాలు: మూత ఎడమ మూల గీత.
>
> మెషిన్ చివరిసారి ఇంటర్నెట్‌లో కనిపించింది అదే రోజు రాత్రి 7:32కి, భారత కాలమానం. అది ఒంగోలు బస్టాండ్‌లో నా ఫోన్ హాట్‌స్పాట్‌తో నేను వాడినది. ఆ తర్వాత కనిపించలేదని కంపెనీ ఐటీ విభాగం ........ తేదీ, ........ గంటలకి తెలిపింది.
>
> ఒంగోలు, కావలి, నెల్లూరు బస్టాండ్లలోని సీసీ కెమెరాల రికార్డింగ్ చెరిగిపోకముందే తీయించగలరని, కేసు నమోదు చేసి ఎఫ్ఐఆర్ ప్రతి ఇప్పించగలరని మనవి.

ఆ ఆఖరి వాక్యం చిన్నదే గాని చాలా అవసరం. కెమెరాల డీవీఆర్‌లో పాతది చెరుపుకుంటూ కొత్తది రికార్డవుతుంది, హార్డ్‌డిస్క్ చిన్నదైతే కొద్ది రోజులే నిలుస్తుంది. ఫిర్యాదు ప్రతితో డిపో మేనేజర్‌కి కూడా ఒక అర్జీ ఇవ్వండి: ఫలానా సర్వీసు, ఫలానా టైముల మధ్య రికార్డింగ్ పోలీసులు అడిగేదాకా భద్రపరచండి అని. రికార్డింగ్ మీకు ఇవ్వమని అడగొద్దు, చాలాచోట్ల ఇవ్వరు. చెరపకుండా ఆపించడమే మీకు కావాల్సింది. టికెట్ పడేసి ఉంటే ఆన్‌లైన్‌లో కొన్నదైతే మెసేజ్, చేతిలో తీసుకున్నదైతే యూపీఐ చెల్లింపు వివరం చూడండి, సర్వీసు తెలుసుకోవడానికి అది పనికొస్తుంది.

ఎఫ్ఐఆర్ ప్రతి ఫిర్యాదుదారుకి ఉచితంగా ఇవ్వాలని 173(2)లో ఉంది. ఆన్‌లైన్‌లోనో మెయిల్‌లోనో పంపిన ఫిర్యాదైతే మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం పెట్టాలి, పెట్టకపోతే అది నమోదు కాదు. 1930 నంబర్ డబ్బు పోయిన సైబర్ మోసాలకి, దీనికి కాదు.

"తీసుకున్న చర్యలు" అన్న గడి

ఆఫీసు రిపోర్ట్‌లో అందరూ తొందరగా నింపేసే గడి ఇదే. "రిమోట్ వైప్ చేశాం, అకౌంట్ బ్లాక్ చేశాం" అని రాస్తారు. వైప్ ఆదేశం పంపడం వేరు, మెషిన్ చెరిగిపోవడం వేరు. మెషిన్ ఇంటర్నెట్‌కి వచ్చి ఆదేశం అందుకునేదాకా ఇన్‌ట్యూన్‌లో `Pending` అనే ఉంటుంది, కొన్నిసార్లు ఎప్పటికీ అలాగే ఉంటుంది. అందుకని ప్రతి చర్యకీ ఎవరు, ఏ టైముకి మొదలుపెట్టారు, ఇప్పుడు స్థితి ఏమిటి అన్నవి రాయండి. చేయనివి కూడా "చేయలేదు" అని రాయండి, ఖాళీగా వదిలితే చేశారనుకుంటారు.

ఐటీ వాళ్లు చేసే వరస కూడా చూడండి. ముందు పైన చెప్పిన లాగ్‌లు, సీరియల్, ఎన్‌క్రిప్షన్ స్థితి స్క్రీన్‌షాట్ తీసి పెట్టాలి. తర్వాత మీ పాస్‌వర్డ్ మార్చి, తెరిచి ఉన్న సెషన్లు రద్దు చేయాలి.

```
Revoke-MgUserSignInSession -UserId udyogi@example.com
```

ఇది కొట్టిన క్షణంలో అన్నీ తెగిపోవు. అప్పటికే ఇచ్చి ఉన్న యాక్సెస్ టోకెన్ గడువు తీరేదాకా, దాదాపు గంటో గంటన్నరో, కొన్ని యాప్‌లు నడుస్తూనే ఉండొచ్చు. రిపోర్ట్‌లో రద్దు చేసిన టైమ్ రాసేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. మీ మొబైల్‌లో వచ్చే ధ్రువీకరణ మెసేజ్‌లకి వచ్చే రెండు రోజులు ఊరికే "అవును" కొట్టకండి.

వైప్ వెంటనే పంపాలా, ఆగాలా అన్నది మెషిన్ పోయినప్పుడు ఏ స్థితిలో ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. మీరు షట్‌డౌన్ చేయలేదు, మూత వేశారు, అంటే స్లీప్‌లో ఉంది. షట్‌డౌన్ అయిన మెషిన్‌కి డిస్క్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే బిట్‌లాకర్ ఉంటే డిస్క్ పీకి వేరే దానికి తగిలించినా చదవలేరు. స్లీప్‌లో ఉన్నదానిలో డిస్క్ తెరిచే కీ మెమరీలోనే ఉంటుంది, అడ్డు ఉన్నది లాక్ స్క్రీన్ ఒక్కటే. మామూలు దొంగ అంత పని చేయడు. అయినా కస్టమర్ల డేటా ఉంటే లొకేషన్ దొరుకుతుందేమోనని ఆగకుండా వైప్ పంపమనే చెప్తాను. డేటా పెద్దగా లేదు, ఎన్‌క్రిప్ట్ అయి ఉంది, లొకేషన్ సర్వీస్ ఆన్‌లో ఉంది అంటే ముందు ఇన్‌ట్యూన్‌లో `Locate device` ప్రయత్నించి చూడొచ్చు. వైప్ అయ్యాక ఆ దారి మూసుకుపోతుంది. పర్సనల్ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కి ఉండే `Find my device` ఆఫీసు అకౌంట్‌తో నడిచే మెషిన్లకి పనిచేయదు, దాన్ని వెతుక్కుంటూ కూర్చోవద్దు. రిపోర్ట్‌లో "స్లీప్‌లో ఉంది, షట్‌డౌన్ చేయలేదు" అని నిజం రాయండి. డేటా రిస్క్ లెక్క వేసేవాళ్లకి అదే కావాలి.

ఐటీలో ఎవరైనా "పోయిన మెషిన్ కదా" అని ఎంట్రా, ఇన్‌ట్యూన్ రికార్డ్ డిలీట్ చేయబోతే ఆపండి. డిలీట్ చేస్తే అందులో దాచిన బిట్‌లాకర్ రికవరీ కీ కూడా పోతుంది, రేపు ల్యాప్‌టాప్ దొరికితే మీరే తెరవలేరు. మెషిన్ ఏ కంపెనీదో మైక్రోసాఫ్ట్ దగ్గర గుర్తుంచే ఆటోపైలట్‌లో నమోదై ఉంటే ఆ నమోదు అసలే తీయకూడదు. దొంగ నుంచి కొన్నవాడు పెన్‌డ్రైవ్‌తో విండోస్ మళ్లీ ఎక్కించినా, మొదటిసారి ఇంటర్నెట్ తగలగానే మీ కంపెనీ లాగిన్ పేజీ వస్తుంది. మెషిన్ అక్కడ ఇరుక్కుంటుంది, కొన్నవాడు సర్వీస్ సెంటర్‌కి పరిగెడతాడు. దొరికే ల్యాప్‌టాప్‌లు కొన్ని దొరికేది అలాగే. డెల్ వాళ్లకి కూడా సర్వీస్ ట్యాగ్‌తో దొంగతనం జరిగినట్టు తెలియజేయమనండి.

బ్యాగులో రికవరీ కీ రాసిన కాగితం, వీపీఎన్ టోకెన్, పాస్‌వర్డ్‌లు రాసిన నోట్‌బుక్ ఉన్నాయా, అవి ఉన్నాయా పోయాయా చూసి విడిగా రాయండి. బ్రౌజర్‌లో మీ సొంత బ్యాంకు పాస్‌వర్డ్ సేవ్ చేసి ఉంటే దాన్ని కంపెనీ మార్చదు, మీరే మార్చుకోవాలి.

డేటా బయటికి పోయిందని తేలితే కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కి ఆరు గంటల్లో తెలపాల్సిన బాధ్యత కంపెనీది. దాని సంగతి సెక్యూరిటీ వాళ్లు చూసుకుంటారు. మీ పని వాళ్లకి ఆలస్యం చేయకుండా సరైన టైములు ఇవ్వడం. మీరు లేదని చూసింది 10:20కి, ఆఫీసుకి ఫోన్ చేసింది మర్నాడు ఉదయం అయితే ఆ తేడా దాచొద్దు, రాయండి. సెషన్లు రద్దయ్యేదాకా ఎన్ని గంటలు తలుపు తెరిచి ఉందో లెక్క వేసేది ఆ రెండు టైములతోనే.

ఇన్సూరెన్స్, ఆ తర్వాత

కంపెనీ పాలసీ ఏ రకమో అడగండి. కొన్ని పాలసీలు తాళం పగలగొట్టిన దొంగతనానికే ఇస్తాయి, బస్సు ర్యాకులోంచి పోయినదానికి ఇవ్వవు. పోర్టబుల్ ఎలక్ట్రానిక్ వస్తువులకి విడిగా తీసుకున్న పాలసీ ఉంటేనే ఆశ ఉంటుంది, అందులోనూ వదిలేసి వెళ్లిన వస్తువు అనే మినహాయింపు ఉండొచ్చు. డబ్బు రావడం కోసం "లాక్కెళ్లారు" అని కథ మార్చమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. అది వేరే నేరం, వేరే సెక్షన్, ఫిర్యాదు కింద సంతకం మీది. ఎఫ్ఐఆర్ ఇచ్చాక ఇన్సూరెన్స్ వాళ్లు సాధారణంగా అడిగేది "దొరకలేదు" అని పోలీసులు కోర్టుకి ఇచ్చే ఆఖరి రిపోర్ట్. దానికి నెలలు పట్టవచ్చు, కేసు నంబర్ పట్టుకుని మధ్యమధ్యలో అడుగుతుండాలి.

ఒకవేళ దొరికితే పోలీసులు స్వాధీనం చేసుకుని కోర్టుకి చూపిస్తారు. అక్కడి నుంచి విడిపించుకోవడానికి కంపెనీ అర్జీ పెట్టుకోవాలి, బీఎన్‌ఎస్‌ఎస్ 497, 503 కింద. అప్పుడు ఇన్‌వాయిస్ మీది సర్వీస్ ట్యాగ్, ఎఫ్ఐఆర్‌లోది, మెషిన్ కిందిది మూడూ ఒకటే అని చూపిస్తేనే ఇస్తారు. చేతికి వచ్చాక ఆన్ చేసి చూద్దామనుకోకండి, అలాగే ఐటీకి పంపండి. మీరు వైఫైకి కలిపిన క్షణంలో, వారాల తరబడి `Pending`లో ఉన్న వైప్ అమలవుతుంది. ఎవరైనా తెరవడానికి ప్రయత్నించారా అన్నది చూసుకునే వీలు కూడా దానితోనే పోతుంది.